జీపీఏ మీద సంతకం పెడితే ప్లాటు తమ్ముడిదైపోతుందా?

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. గుంటూరు దగ్గర నా పేరు మీద 200 గజాల ప్లాటు ఉంది. అమ్మేద్దాం అంటే తమ్ముడు నాలుగు పేజీల జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అదే జీపీఏ, డ్రాఫ్టు పంపి, సంతకం పెట్టి పంపమంటున్నాడు. వాడి మీద నమ్మకం లేక కాదు. కానీ అందులో ‘నాకు గల యావత్తు ఆస్తులు’ అని, ‘రద్దుకు వీలులేని’ అని ఉండేసరికి టెన్షన్‌గా ఉంది. సంతకం పెడితే ప్లాటు వాడిదైపోయినట్టేనా? అసలు వాడికి ఏమేం అధికారాలు వస్తాయి? ఇంకో సంగతి. నాన్నగారు కొన్నేళ్ళ కిందట ఇంటి విషయంలో వాడికే జీపీఏ ఇచ్చారు. ఇప్పుడు నాన్నకి మతిమరుపు బాగా ఎక్కువైంది. ఆ కాగితం ఇంకా చెల్లుతుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: ప్లాటు తమ్ముడిది అయిపోదమ్మా. జీపీఏ ఇచ్చాక కూడా ఓనరు మీరే. ఈసీ తీసినా, పన్ను రశీదు చూసినా మీ పేరే ఉంటుంది. స్థిరాస్తి చేతులు మారాలంటే రిజిస్టరైన సేల్ డీడో, గిఫ్టు డీడో ఉండాలి. జీపీఏ రాసిచ్చి, డబ్బు తీసుకుని, తాళాలు అప్పజెప్పి ‘అమ్మేశాం’ అనుకునే అలవాటు మన దగ్గర చాలాకాలం నడిచింది. అలాంటి జీపీఏతో యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

అంతమాత్రాన నిశ్చింతగా సంతకం పెట్టేయకండి. జీపీఏతో ఆస్తి మారదు కానీ, మీ సంతకానికి ఉన్న బలం అతని సంతకానికి వస్తుంది. ఆ కాగితంలో రాసిన పనుల వరకు అతను చేసింది మీరు చేసినట్టే. అతను సేల్ డీడ్ మీద సంతకం పెట్టాడంటే ప్లాటు అమ్మింది మీరే. అడ్వాన్సు తీసుకున్నాడంటే ఆ డబ్బు మీకు ముట్టినట్టే. ‘నాకు చెప్పకుండా చేశాడు’ అనే మాట మీకూ మీ తమ్ముడికీ మధ్య పనికొస్తుంది గానీ, కాగితం చూసి నమ్మి కొన్నవాడి దగ్గర పనికిరాదు. చట్టం లెక్కలో మీరు ప్రిన్సిపల్, అతను ఏజెంటు. మీ ఇద్దరి సంబంధాన్ని నడిపించేది 1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం, దానికంటే ఎక్కువగా 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని ఏజెన్సీ అధ్యాయం. అక్కాతమ్ముళ్ళన్న చుట్టరికాన్ని ఆ అధ్యాయం పట్టించుకోదు.

కాబట్టి మీరు చూడాల్సింది ఆ నాలుగు పేజీల్లో ఏ ఏ పనులు రాశారన్నదే. మీరు పంపిన డ్రాఫ్టు చదివాను. డాక్యుమెంట్ రైటర్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్న నమూనానే పేర్లు మార్చి దింపారు. అందుకని మీ తమ్ముడికి ఏదో దురుద్దేశం ఉందనుకోకండి. అడిగితే వాళ్ళు అందరికీ ఇదే ఇస్తారు. కానీ కోర్టు జీపీఏని చాలా బిగించి చదువుతుంది. రాసిన అధికారమే ఉంటుంది, రాయనిది ఉండదు. ఈ సూత్రం మీకు మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది.

దీనికి కేరళ నుంచి వచ్చిన ఒక కేసు మంచి ఉదాహరణ. 1971లో ఒకావిడ తన తోబుట్టువుకి జీపీఏ ఇచ్చారు. ఆస్తి చూసుకోవడం, లీజుకివ్వడం, అవసరమైతే అప్పు తేవడం, కావలసిన కాగితాలు రాసి రిజిస్టర్ చేయించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ‘అమ్ముటకు’ అన్న మాట మాత్రం లేదు. 1985లో ఆవిడ ఆ జీపీఏని రద్దు చేశారు. అప్పటికే ఆ తోబుట్టువు కొంత భూమిని బయటివాళ్ళకు అమ్మేశారు. కాగితాలు రిజిస్టర్ చేయించే అధికారం ఉందంటే అమ్మే అధికారం ఉన్నట్టేనని కొన్నవాళ్ళు వాదించారు. సుప్రీంకోర్టు 2022లో ఒప్పుకోలేదు. అమ్మకం అధికారం విడిగా, స్పష్టంగా ఉండాలని, మిగతా మాటల్లోంచి ఊహించుకోకూడదని చెప్పింది. ఆ ఒక్క మాట లేకపోవడం ఆవిడ ఆస్తిని కాపాడింది. మీ డ్రాఫ్టులో ఆ మాట ఉంది, దాని చుట్టూ ఇంకా చాలా ఉన్నాయి.

ఒక్కొక్కటే చూద్దాం. మొదటి పేజీలో ‘నాకు ప్రస్తుతము గల, ఇకముందు సంక్రమించు యావత్తు స్థిరచరాస్తుల విషయమై’ అని ఉంది. అంటే ఈ ప్లాటు ఒక్కటే కాదు. రేపు నాన్నగారి తర్వాత ఆ ఇంట్లో మీకు వచ్చే వాటా కూడా ఇందులోకి వస్తుంది. ఇది పూర్తిగా కొట్టేయించండి. దాని బదులు ప్లాటు నంబరు, సర్వే నంబరు, గజాలు, నాలుగు హద్దులు, మీరు కొన్న డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అన్నవి షెడ్యూలులో రాయించండి. ‘సదరు షెడ్యూలు ఆస్తి వరకు మాత్రమే’ అన్న మాట ఉండాలి.

రెండో పేజీలో ‘అమ్ముటకు, తనఖా పెట్టుటకు, గిఫ్టు ఇచ్చుటకు, లీజుకు ఇచ్చుటకు, డెవలప్‌మెంటు నిమిత్తము బిల్డర్లకు ఇచ్చుటకు’ అని ఒకే వాక్యంలో గుచ్చారు. మీకు కావలసింది అమ్మకం ఒక్కటే. తనఖా అధికారం ఉంటే మీ ప్లాటు మీద అప్పు తెచ్చుకోవచ్చు. మీరు రూపాయి వాడుకోకపోయినా, బాకీ తీరకపోతే వేలానికి వచ్చేది మీ ప్లాటే. గిఫ్టు అధికారం ఉంటే డబ్బు ప్రసక్తి లేకుండానే ఆస్తి ఇంకొకరి పేరుకి వెళ్ళిపోతుంది. ఇవన్నీ తీసేయించండి. ‘ఉండనీ అక్కా, ఫార్మాలిటీ’ అంటే ఒప్పుకోకండి. జీపీఏలో ఫార్మాలిటీ కోసం రాసే అధికారం అంటూ ఏదీ ఉండదు.

‘సొమ్ము స్వీకరించి రశీదు ఇచ్చుటకు’ అన్న వాక్యం చూడటానికి మామూలుగానే ఉంటుంది. నా అనుభవంలో అక్కాతమ్ముళ్ళ మధ్య, అన్నదమ్ముల మధ్య ఎక్కువ గొడవలు మొదలయ్యేది ఇక్కడే. ఎలాగో చూడండి. మీ ప్లాటుకి 60 లక్షలకు బేరం కుదిరిందనుకుందాం. కొనేవాళ్ళ నుంచి మీ తమ్ముడు 15 లక్షలు అడ్వాన్సు తీసుకుని అగ్రిమెంటు రాశాడు. ఆ డబ్బు ఇంట్లో ఏదో అవసరానికి సర్దాడు, రిజిస్ట్రేషన్ నాటికి తిరిగి పెట్టేద్దామనే ఉద్దేశంతోనే. పెట్టలేకపోయాడు. ఇప్పుడు కొనేవాళ్ళు మీకు ఇవ్వాల్సింది 45 లక్షలే. అది ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయమని అడిగే హక్కు వాళ్ళకుంది, మీరు కాదనలేరు. మిగతా 15 లక్షలు మీరు తమ్ముడి దగ్గర రాబట్టుకోవాలి. ఏజెంటు లెక్క చెప్పాలని, తన చేతికొచ్చింది అప్పజెప్పాలని కాంట్రాక్టు చట్టంలో 213, 218 సెక్షన్లు స్పష్టంగానే అంటాయి. కానీ ఆ సెక్షన్లు పట్టుకుని సొంత తమ్ముడి మీద గుంటూరు కోర్టులో దావా వేస్తారా?

అందుకే ఆ వాక్యాన్ని ఇలా మార్పించండి: ‘అమ్మకపు ప్రతిఫలము, అడ్వాన్సు సహా యావత్తు సొమ్ము, నా పేరున గల ఎన్ఆర్ఓ ఖాతాకు బ్యాంకు ద్వారా మాత్రమే జమ కావలెను. ఏజెంటుకు సొమ్ము స్వీకరించు అధికారము లేదు.’ ఎన్ఆర్ఓ అంటే విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి రాబడి కోసం ఇక్కడి బ్యాంకులో పెట్టుకునే ఖాతా. బ్యాంకు పేరు, ఖాతా నంబరు కూడా వేయించండి. జీపీఏ కాపీ కొనేవాళ్ళు చదవకుండా ఉండరు. చదివాక కూడా తమ్ముడి చేతికి డబ్బిస్తే అది మీకు ముట్టినట్టు కాదు, ఆ నష్టం వాళ్ళదే. నగదు మాట ఎవరైనా ఎత్తితే, ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదని, తీసుకున్న మొత్తమంతా పెనాల్టీ పడే ప్రమాదం ఉందని చెప్పండి. ఆ అమ్మకం మీద వచ్చే లాభానికి పన్ను కట్టాల్సింది కూడా మీరే. సంతకం అధికారం తమ్ముడికి ఇచ్చినా పన్ను బాధ్యత అతని మీదికి పోదు. మీరు ఎన్ఆర్ఐ కాబట్టి కొనేవాళ్ళు టీడీఎస్ పట్టాకే మిగతాది ఇస్తారు. బేరం కుదరకముందే ఒక చార్టర్డ్ అకౌంటెంటుతో మాట్లాడితే ఆ టీడీఎస్ తగ్గించుకునే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు.

‘పై అధికారములను ఇతరులకు బదలాయించుటకు’ అన్నది మూడో పేజీలో ఉంది. ఏజెంటు తన పని ఇంకొకరికి అప్పజెప్పకూడదన్నది మామూలు రూలు. మీరు ఇలా రాసిస్తే ఆ రూలు ఎగిరిపోతుంది. మీరు నమ్మింది తమ్ముణ్ణి, సంతకం పెట్టేది మీరు ముఖం కూడా చూడని ఏ రియల్ ఎస్టేట్ ఏజెంటో కావచ్చు. తీసేయించండి.

ఇక ‘రద్దుకు వీలులేని’ అన్న మాట. దీని గురించే మీరు ఎక్కువ భయపడ్డారు, నిజానికి ఇది కనిపించేంత గట్టిది కాదు. ఇరివోకబుల్ అని పైన పెద్దక్షరాలతో రాసినంత మాత్రాన జీపీఏ రద్దు కానిదైపోదు. ఆ ఆస్తిలో ఏజెంటుకి తన సొంత హక్కో, డబ్బో ముడిపడి ఉన్నప్పుడే దాన్ని రద్దు చేయకుండా కాంట్రాక్టు చట్టం 202 సెక్షన్ అడ్డుపడుతుంది. స్థలం బిల్డరుకి ఇచ్చి, అతను తన డబ్బు పెట్టి అపార్టుమెంటు కట్టే డెవలప్‌మెంట్ జీపీఏలు ఆ కోవలోకి రావచ్చు. మీ తమ్ముడు మీ ప్లాటులో పైసా పెట్టలేదు, ఊరికే మీ తరఫున అమ్మిపెడుతున్నాడు. కాబట్టి మీరు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. అయినా ఆ మాట ఉంచకండి. రేపు రద్దు చేయాల్సి వస్తే, ‘ఇరివోకబుల్ అని మీరే రాశారుగా’ అంటూ ఒక వాదన లేవదీయడానికి అది చోటిస్తుంది. దిద్ది తిరిగి పంపే డ్రాఫ్టులో ‘ప్రతిఫలము ముట్టినందున’ అనే పదాలు ఎక్కడైనా చేరాయేమో కూడా వెతకండి. తమ్ముడి నుంచి మీకు డబ్బు ముట్టిందని ఒప్పుకున్నట్టయితే మాత్రం సంగతి నిజంగానే మారిపోతుంది.

ఇవన్నీ తీసేశాక మిగిలేదానికి జనరల్ పవర్ అన్న పేరు కూడా అక్కర్లేదు. ఒక్క పనికి, ఒక్క ఆస్తికి ఇచ్చేది స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఎస్పీఏ. నా సలహా ఇంకో అడుగు ముందుకు. ముందు జీపీఏ ఇచ్చి తర్వాత కొనేవాళ్ళను వెతకడం కాదు, వరస తిప్పండి. తమ్ముణ్ణి ఏ కాగితమూ లేకుండానే బేరం చూడమనండి. దానికి పవర్ అవసరం లేదు. బేరం కుదిరాక అమ్మకం అగ్రిమెంటు మీద మీరే అక్కడ సంతకం పెట్టి కొరియర్ చేయండి, అడ్వాన్సు మీ ఖాతాకే వస్తుంది. ఆ తర్వాత ఎస్పీఏ ఇవ్వండి. ఫలానా వ్యక్తికి, ఫలానా ధరకి, ఫలానా తేదీ అగ్రిమెంటు ప్రకారం సేల్ డీడ్ మీద సంతకం చేసి, సబ్ రిజిస్ట్రార్ ముందు దాఖలు చేసి, ప్లాటు స్వాధీనం చేసే అధికారం మాత్రమే అందులో ఉండాలి. ఆరు నెలల గడువు పెట్టండి.

కొందరు జీపీఏ పూర్తిగా వదులుగా రాసిచ్చి, ‘60 లక్షలకు తగ్గించి అమ్మకు’ అని తమ్ముడికి వాట్సాప్‌లో విడిగా చెబుతారు. అది మిమ్మల్ని కాపాడదు. మీరు ఏజెంటుకి లోపాయికారీగా పెట్టిన షరతు, అది తెలియకుండా మంచి ఉద్దేశంతో కొన్నవాణ్ణి కట్టడి చేయదు. అతను 45 లక్షలకు అమ్మితే అమ్మకం నిలబడుతుంది, తగాదా మీ ఇద్దరి మధ్యే మిగులుతుంది. షరతు ఏదైనా కాగితంలోనే ఉండాలి. మరి జీపీఏలో కనీస ధర వేస్తే కొనేవాళ్ళు అదే ధర దగ్గర కూర్చుంటారు, బేరం పెరగదు. అందుకే బేరం అయ్యాక కాగితం ఇవ్వమంటున్నాను. ఇంకొకటి, తమ్ముడే కొనుక్కోవాలనుకుంటే తప్పేమీ లేదు. కానీ మీ ఏజెంటుగా ఉంటూ తనకో, తన భార్య పేరుకో అమ్ముకోవాలంటే ముందే మీకు చెప్పి ఒప్పించాలి. చెప్పకుండా చేస్తే ఆ అమ్మకాన్ని మీరు కాదనవచ్చు.

సంతకం ఎలా పెట్టాలో చెబుతాను. మీరు ఈలోపు ఇండియా వస్తుంటే అన్నింటికంటే సులువు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి అక్కడే రిజిస్టర్ చేయించండి. మన దేశంలో ఉండేవాళ్ళు రిజిస్ట్రేషన్ పనికి ఇచ్చే పవర్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర అథెంటికేట్ అవ్వాలి. వీధి చివర నోటరీ ముద్ర దానికి సరిపోదు. రాలేకపోతే, విదేశాల్లో ఉన్నవాళ్ళకు రిజిస్ట్రేషన్ చట్టం 33 సెక్షన్ అక్కడి నోటరీ ముందో, భారత కాన్సులేట్ అధికారి ముందో సంతకం చేసే వీలు ఇచ్చింది. ప్రతి పేజీ మీద సంతకం పెట్టండి. మీ ఫొటో, తమ్ముడి ఫొటో, ఇద్దరు సాక్షుల సంతకాలు, మీ పాస్‌పోర్టు కాపీ ఉండేలా చూసుకోండి. నోటరీ అయ్యాక అపోస్టిల్ వేయించాలి, అంటే కాగితం వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ. న్యూజెర్సీలో ఆ పని రాష్ట్ర ట్రెజరీ శాఖ చేస్తుంది. భారతదేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి అమెరికా అపోస్టిల్ ఇక్కడ చెల్లుతుంది. దుబాయ్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్ళు మాత్రం కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించుకోవాలి. కాన్సులేట్ ముద్ర కూడా ఉంటేనే తీసుకుంటామనే ఆఫీసర్లు ఇక్కడ ఉన్నారు, అందుకని మీరు నోటరీ దగ్గరికి వెళ్ళేలోపే తమ్ముణ్ణి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి రమ్మనండి.

కాగితం ఇండియా చేరాక ఇంకో పని ఉంది, చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు. విదేశంలో సంతకమైన పవర్‌కి అక్కడ మన స్టాంపు డ్యూటీ కట్టే వీలుండదు. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలని స్టాంపు చట్టం 18 సెక్షన్ చెబుతుంది. మన రెండు రాష్ట్రాల్లో దీన్ని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వాలిడేషన్ అంటారు. తమ్ముడు ఒరిజినల్ పట్టుకెళ్ళి డ్యూటీ కట్టి వాలిడేట్ చేయించాలి, ఆ తర్వాతే సబ్ రిజిస్ట్రార్ దాన్ని చూసి సేల్ డీడ్ తీసుకుంటారు. లెక్క మొదలయ్యేది మీరు సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, కాగితం ఇక్కడికి చేరిన రోజు నుంచి. కాబట్టి కొరియర్ కవరు, డెలివరీ రసీదు పారేయొద్దని తమ్ముడికి చెప్పండి. తేదీ మీద పేచీ వస్తే చూపించాల్సింది అదే. కుటుంబ సభ్యులకిచ్చే పవర్‌కి, బయటివాళ్ళకిచ్చే పవర్‌కి డ్యూటీలో పెద్ద తేడా ఉంటుంది. మీరు అక్కాతమ్ముళ్ళని కాగితంలోనే రాయించండి.

రద్దు చేయాల్సి వస్తే అతనికి ఫోన్‌లో ‘ఇక వద్దు’ అంటే చాలదు. ఇచ్చిన పద్ధతిలోనే రద్దు పత్రం రాసి, నోటరీ, అపోస్టిల్ చేయించి, ఇక్కడ అదే ఆఫీసులో నమోదు చేయించాలి. అందినట్టు రుజువు ఉండేలా తమ్ముడికి పోస్టులో పంపాలి. బేరంలో ఉన్న కొనుగోలుదారు ఎవరైనా ఉంటే వాళ్ళకూ నోటీసు ఇవ్వాలి. స్థానిక పేపర్లో ప్రకటన వేయడం మంచిది. ఒరిజినల్ వెనక్కి తీసుకోండి. ఇంత ఎందుకంటే, రద్దు సంగతి ఏజెంటుకి తెలిసినప్పటినుంచే అతనికి వర్తిస్తుంది, కొనేవాళ్ళకి తెలిసినప్పటినుంచే వాళ్ళకి వర్తిస్తుంది. ఈలోపు సక్రమంగా జరిగిన అమ్మకం రద్దుతో పోదు.

ఇప్పుడు నాన్నగారి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. అమెరికాలో ఉంటున్నారు కాబట్టి అక్కడ డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అనే మాట వినే ఉంటారు. ఇచ్చినవాళ్ళ బుద్ధి సరిగా పనిచేయని స్థితి వచ్చినా అది నడుస్తుంది, అసలు ఆ రోజుల కోసమే దాన్ని రాయించుకుంటారు. మన చట్టంలో అలాంటి ఏర్పాటు లేదు. కాంట్రాక్టు చట్టం 201 సెక్షన్ ప్రకారం ఇచ్చినవాళ్ళు చనిపోయినా, మతి స్థిమితం కోల్పోయినా ఏజెన్సీ అక్కడితో ముగిసిపోతుంది. ఏ కుటుంబానికైనా ఆ కాగితం అవసరం ఎక్కువయ్యేది సరిగ్గా అప్పుడే, అది చెల్లకుండా పోయేదీ అప్పుడే. ఇది మన చట్టంలో పెద్ద లోటు, మార్చాలని నేను గట్టిగా కోరుకుంటాను. ప్రస్తుతానికి ఉన్నది ఇదే.

అయితే మతిమరుపు అన్నంత మాత్రాన మతి స్థిమితం పోయినట్టు కాదు. పొద్దున ఏం తిన్నారో గుర్తులేకపోయినా, ‘ఈ ఇల్లు నాది, దీన్ని అమ్మే అధికారం అబ్బాయికి ఇచ్చాను, అమ్మితే ఇంత వస్తుంది, అమ్మాక మేం ఎక్కడుంటాం’ అన్నది అర్థం చేసుకుని మంచిచెడ్డలు తేల్చుకోగలుగుతున్నారా అన్నదే కొలమానం. చట్టం చూసేది ఆ సమయానికి ఆ పని విషయంలో ఆయనకు వివేచన ఉందా లేదా అనే. ముందు న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించి ఈ విషయం మీదే రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.

ఆయనకు ఇంకా తెలుస్తోందని డాక్టరు చెబితే ఆలస్యం చేయకండి. ఇల్లు అమ్మాల్సిన అవసరమే ఉంటే, జీపీఏ మీద కాకుండా ఆయన చేతే సంతకం పెట్టించడం మంచిది. ఆఫీసుకి రాలేకపోతే దరఖాస్తు పెట్టి, రుసుము కడితే సబ్ రిజిస్ట్రార్ ఇంటికొచ్చి రిజిస్ట్రేషన్ చేస్తారు, చట్టంలో ఆ వీలుంది. వీలునామా రాయాలన్న ఆలోచన ఆయనకు ఉంటే అది కూడా ఇప్పుడే. జీపీఏ ఉన్నంతమాత్రాన మీ తమ్ముడు నాన్నగారి తరఫున వీలునామా రాయలేడు, అది ఎవరూ ఎవరి తరఫునా రాయగలిగేది కాదు.

ఆ దశ దాటిపోయిందని డాక్టరు చెబితే, పాత జీపీఏని పక్కన పెట్టేయమని తమ్ముడికి గట్టిగా చెప్పండి. దాంతో ఇల్లు అమ్మితే ఆ అమ్మకాన్ని రేపు ఎవరైనా కోర్టులో పడగొట్టవచ్చు. నాన్నగారి వైద్యం ఫైలే అందుకు సాక్ష్యం అవుతుంది. ఆయన వైద్యానికో పోషణకో ఇంటిమీద డబ్బు కావాలంటే, కోర్టుకి వెళ్ళి ఆయనకు గార్డియన్‌గా నియమించమని అడగాలి. హైకోర్టులు ఇలాంటి కేసుల్లో భార్యనో పిల్లల్నో గార్డియన్‌గా నియమిస్తున్నాయి. ఏం అమ్మవచ్చు, లెక్కలు ఎవరికి చెప్పాలి అన్నది కూడా ఆ ఉత్తర్వుల్లోనే ఉంటుంది. సమయం పడుతుంది, ఖర్చూ అవుతుంది.

నాన్నగారి తర్వాత కూడా ఆ జీపీఏ చెల్లుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బెంగళూరులో ఒక ప్లాటుకి 1986లో జీపీఏ, రిజిస్టర్ కాని అమ్మకం అగ్రిమెంటు రాసుకున్నారు. ఇచ్చిన ఆయన 1997లో చనిపోయారు. జీపీఏ తీసుకున్నావిడ 1998లో దాని ఆధారంగా తన కొడుక్కి రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేశారు. డబ్బిచ్చి తీసుకున్న జీపీఏ కాబట్టి మనిషి పోయినా చెల్లుతుందని వాదించారు. ఆ జీపీఏ మామూలు నిర్వహణ అధికారాలిచ్చేదే తప్ప ఆవిడ హక్కుతో ముడిపడింది కాదని, యజమాని మరణంతోనే అది ముగిసిపోయిందని, ఆ సేల్ డీడ్ నిలబడదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. నాన్నగారి ఇల్లు ఆయన స్వార్జితమై, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన తర్వాత అమ్మగారికి, మీకు, తమ్ముడికి, ఇంకా తోబుట్టువులుంటే వాళ్ళకీ సమానంగా వస్తుంది. అప్పుడు అమ్మాలంటే అందరి సంతకాలూ కావాలి. మీరు రాలేకపోతే మీ వాటా వరకు తమ్ముడికి కొత్తగా ఒక ఎస్పీఏ ఇవ్వాల్సి వస్తుంది, ప్లాటుకి ఇచ్చింది దానికి పనికిరాదు.

ప్లాటు డ్రాఫ్టు విషయంలో తమ్ముడికి ఫోన్ చేసి ‘నమ్మకం లేదా అక్కా’ అనిపించుకునే బదులు, పైన చెప్పిన మార్పులు పెన్నుతో దిద్ది ఆ పేజీలే తిరిగి పంపండి. కాగితం బిగుతుగా ఉంటే అతనికీ మేలే. డబ్బు నేరుగా మీ ఖాతాకి వెళ్ళినప్పుడు, ధర మీరే ఒప్పుకున్నప్పుడు, ‘అంతకే అమ్మావా’ అని రేపు మీ ఇంట్లోవాళ్ళు ఎవరూ అతన్ని అడగలేరు.